శ్రీశైలం ప్రయాణంలో రాత్రి ఎక్కడ ఆగాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ నుంచి ఒక అన్న అడిగిన ప్రశ్న ఇది: "శనివారం సాయంత్రం నాలుగున్నరకు ఆఫీసు నుంచి బయటపడతాను. మేమిద్దరం, పిల్లలిద్దరు, అమ్మ, బాపు, మొత్తం ఆరుగురం. అమ్మకు మోకాళ్ల నొప్పులు. చిన్నోడికి ఐదేళ్లు. రాత్రికే శ్రీశైలం చేరి రూములో పడుకొని, ఆదివారం దర్శనం చేసుకొని తిరిగి వచ్చేద్దామనుకుంటున్నాం. శ్రీశైలంలో మంచి హోటల్ చెప్పండి, ఏ దారి బాగుంటుందో కూడా చెప్పండి."

మాది కల్వకుర్తి. ఏడాదికి రెండు మూడు సార్లయినా ఆ దారిలో పోతుంటాను. ఆ అన్నకు చెప్పిన సమాధానాన్ని, దాని మీద మిగతావాళ్లు అడిగిన ప్రశ్నలను కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు హోటల్ పేరు చెప్పకుండా గేటు సంగతి ఎందుకు?

ఈ ప్రయాణంలో రాత్రి ఎక్కడ పడుకోవాలో నిర్ణయించేది హోటల్ కాదు, మన్ననూరు చెక్‌పోస్టు. మన్ననూరు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొదలవుతుంది. దాన్ని దాటి దోమలపెంటలో బయటపడాలి. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఈ రెండు చోట్లా గేట్లు మూసేస్తారు. రాత్రిపూట జంతువులు రోడ్డు దాటుతాయి, లైట్లు పడితే కదలకుండా నిలబడిపోతాయి. వాటిని బండ్లు గుద్దకుండా పెట్టిన నియమం ఇది. బతిమాలితే తీసే గేటు కాదు. పెద్దవాళ్లున్నారని, రూము బుక్ చేసుకున్నామని ఎంత చెప్పినా లాభం ఉండదు.

నాకు తెలిసింది అనుభవం మీదే. కొన్నేళ్ల కింద ఒకసారి దిండి దగ్గర టీ తాగుతూ ముచ్చట్లలో పడి, మన్ననూరు చేరేసరికి 9 దాటి పది నిమిషాలైంది. మా ముందు ఇంకో నాలుగు కార్లు వరుసగా ఆగి ఉన్నాయి. శ్రీశైలంలో కట్టిన రూము డబ్బులు పోయాయి. వెనక్కి సుమారు 20 కిలోమీటర్లు అచ్చంపేటకు వచ్చి, రాత్రి పదిన్నరకు లాడ్జి తలుపులు కొట్టాం. దొరికిన రూములో ఒకటే మంచం. మా అమ్మను దాని మీద పడుకోబెట్టి మేం కింద దుప్పటి పరచుకున్నాం.

నాలుగున్నరకు బయలుదేరితే 9 లోపు దాటలేమా? మన్ననూరు 130 కిలోమీటర్లే కదా?

లెక్క వేసి చూద్దాం. ఆఫీసు నుంచి ఇంటికి వచ్చి, సామాన్లు సర్ది, అందరూ కారెక్కేసరికి నాలుగున్నర కాస్తా ఐదు అవుతుంది. నల్లగొండ నుంచి దేవరకొండకు గంటన్నర పెట్టుకోండి, ఆరున్నర. అక్కడ బాపు టీ అంటారు, చిన్నోడు ఇంకేదో అంటాడు. ఇరవై నిమిషాలు. దేవరకొండ నుంచి దిండి చేరి హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు ఎక్కేసరికి ఏడున్నర దాటుతుంది. అక్కడి నుంచి మన్ననూరుకు చీకట్లో ఇంకో ముప్పావు గంట. మొత్తానికి ఎనిమిదిన్నరకు గేటు ముందుంటారు.

గేటు తెరిచే ఉంది కదా అంటారు. తెరిచే ఉంది, లోపలికి పోతారు. అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. గేటు దాటాక దోమలపెంట దాకా దాదాపు 60 కిలోమీటర్ల అడవి. వేగానికి పరిమితి ఉంది. మలుపులు, స్పీడ్ బ్రేకర్లు కలుపుకొని పగటిపూటే గంటన్నర పడుతుంది. అంటే 9 కొట్టేసరికి మీరు అడవి నడిమధ్యలో ఉంటారు. ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల ఉండదు. ఎదురుగా బండ్లు తగ్గిపోతాయి. ఆ సమయంలో టైరు పంచరైతే ఆరుగురిని దింపి స్టెప్నీ మార్చే చోటు కాదది. దోమలపెంట తర్వాత ఘాటు దిగి, డ్యాము దాటి, సున్నిపెంట మీదుగా మళ్లీ ఎక్కాలి. రూములో అడుగు పెట్టేసరికి రాత్రి పదకొండు. ఆ వేళకు భోజనం దొరకడం కష్టం.

నేను పెట్టుకున్న లెక్క ఒకటే. సాయంత్రం 7 లోపు మన్ననూరులో ఉండగలిగితేనే ఆ రాత్రి ముందుకు పోవాలి. లేదంటే గేటుకు ఇవతలే ఆగిపోవాలి.

మరి సాగర్ మీదుగా పోతే ఈ గేటు బాధ ఉండదు కదా?

ఇది చాలామంది అడిగారు. హాలియా, నాగార్జునసాగర్, మాచర్ల, ఎర్రగొండపాలెం, దోర్నాల మీదుగా పోవచ్చు, నిజమే. కానీ దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాటు కూడా నల్లమల అడవే. అటు ఆంధ్ర వైపు అటవీ శాఖ గేటు ఉంది, దానికీ రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అదే నియమం. దూరం పైగా కొంచెం ఎక్కువ. కర్నూలు, ఆత్మకూరు మీదుగా వచ్చినా చివరికి దోర్నాల గేటుకే చేరతారు. ఎటు నుంచి ఎక్కినా మల్లన్న దగ్గరికి రాత్రి దారి లేదు.

సాగర్ దారికి ఒక సుగుణం ఉంది. పోయేటప్పుడు ఒక దారిన, వచ్చేటప్పుడు ఒక దారిన రావచ్చు, రెండు డ్యాములూ చూడొచ్చు. కానీ అది మూడు రోజుల సెలవున్నవాళ్లకు. ఒక్క ఆదివారం చేతిలో పెట్టుకొని, మోకాళ్ల నొప్పులున్న అమ్మను వెంటబెట్టుకొని ఆ చుట్టు తిరగొద్దు.

గేటుకు ఇవతల అంటే ఎక్కడ ఆగాలి? మంచి చెడు రెండూ చెప్పండి.

మూడు చోట్లున్నాయి. మూడింటిలోనూ నేను పడుకున్నాను.

మన్ననూరులో అటవీ శాఖవి, టూరిజం వాళ్లవి బసలు ఉన్నాయి. వాటి గొప్ప సుగుణం దూరం. పొద్దున ఐదున్నరకు లేచినా ఆరుకు గేటు దగ్గర ఉంటారు. చుట్టూ చెట్లు, గాలి చల్లగా ఉంటుంది, పిల్లలు సంబరపడతారు. లోపం భోజనం. రాత్రి ఎనిమిదింటికి చేరి "ఏమున్నది?" అని అడిగితే అన్నం అయిపోయిందనే మాట నేను రెండు సార్లు విన్నాను. సాయంత్రమే ఫోన్ చేసి ఆరుగురికి అన్నం చెప్పి పెట్టుకోవాలి. కరెంటు పోతే దోమలు. రూములు కొద్దిగానే ఉంటాయి కాబట్టి శనివారానికి ముందే బుక్ చేసుకోవాలి. అడవిలో బస అని ఫోటోలు చూసి రిసార్టులాగా ఊహించుకొని పోయినవాళ్లు నిరాశపడతారు. శుభ్రమైన పాతకాలపు గెస్ట్‌హౌస్ అనుకొని పోతే ఇబ్బంది లేదు.

అచ్చంపేట పట్టణం. బస్టాండు చుట్టుపక్కల లాడ్జిలు, హోటళ్లు, మెడికల్ షాపులు, ఏటీఎంలు, పంచర్ షాపులు అన్నీ ఉంటాయి. పెద్దవాళ్లు వెంట ఉన్నప్పుడు అర్ధరాత్రి ఒక మందుబిళ్ల కావాలంటే దొరికే చోటు ఇదే. లోపం ఏమిటంటే శ్రీశైలం రోడ్డు వదిలి హాజీపూర్ దగ్గర లోపలికి తిరగాలి. రోడ్డువైపు రూము ఇస్తే లారీల హారన్లకు నిద్ర పట్టదు. కొన్ని లాడ్జిలకు లిఫ్టు ఉండదు. పెళ్లిళ్ల సీజన్‌లో రూములన్నీ మగపెళ్లివాళ్లతో నిండిపోయి, అర్ధరాత్రి దాకా వరండాలో పేకాట నడుస్తుంది. ఇది కూడా చూశాను.

దిండిలో జలాశయం ఒడ్డున ఆగడం చూడముచ్చటగా ఉంటుంది, వానాకాలంలో మరీనూ. కానీ పొద్దున మళ్లీ ముప్పావు గంట నడపాలి. చుట్టూ వేరే భోజనం హోటళ్లు తక్కువ. ఊరికే చల్లగా తిరిగి రావడానికైతే బాగుంటుంది గానీ, శ్రీశైలం పోయేవాళ్లకు నేను చెప్పను.

ఆ అన్నకు అచ్చంపేట చెప్పాను. కారణం అమ్మ మోకాళ్లు. మన్ననూరు నాకు ఎక్కువ ఇష్టం, కానీ ఇష్టం నాది, నొప్పి వాళ్ల అమ్మది.

లాడ్జికి ఫోన్ చేసి ఏమి అడగాలి?

"రూము బాగుంటుందా?" అని అడిగితే బాగుంటుందనే చెప్తారు. అడగాల్సినవి వేరే. కింది అంతస్తులో రూముందా, లేకపోతే ఎన్ని మెట్లు ఎక్కాలి? బాత్రూములో కూర్చునే కమోడ్ ఉందా, కింద కూర్చునేదా? మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఏసీ కంటే ఇది ముఖ్యం. వేడి నీళ్లు గీజర్‌తోనా, బకెట్‌తో తెచ్చిస్తారా, పొద్దున నాలుగున్నరకు ఉంటాయా? మంచం ఎత్తు కూడా అడగండి, నవ్వినా పర్వాలేదు. కారు లోపల పెట్టే చోటుందా, పొద్దున ఐదింటికి గేటు తీసే మనిషి ఉంటాడా? చివరిది చాలామంది మరచిపోతారు. ఒకసారి వాచ్‌మన్ తాళంచెవి జేబులో పెట్టుకొని ఇంటికి పోతే మేం ఆరున్నర దాకా మా కారును చూస్తూ కూర్చున్నాం.

నేరుగా ఆదివారం తెల్లవారుజామున ఇంటి నుంచే బయలుదేరితే?

మహబూబ్‌నగర్ వాళ్లకైతే నేను అదే చెప్తాను. జడ్చర్ల, కల్వకుర్తి మీదుగా రెండున్నర, మూడు గంటల్లో మన్ననూరులో ఉంటారు. మూడున్నరకు బయలుదేరితే గేటు తీసే వేళకు సరిగ్గా అందుకుంటారు. రూము ఖర్చు లేదు, పిల్లలు కారులోనే నిద్రపోతారు.

నల్లగొండ నుంచి కూడా కుదురుతుంది, కానీ రెండు విషయాలు చూసుకోవాలి. మొదటిది, నడిపే మనిషి శనివారం రాత్రి తొమ్మిదికే పడుకోగలడా? ఆఫీసు నుంచి వచ్చి, సామాన్లు సర్ది, పదకొండుకు పడుకొని మూడుకు లేచి కారు నడపడం మంచిది కాదు. తెల్లవారుజామున నాలుగు, ఐదు మధ్య కళ్లు వాటంతటవే మూతపడతాయి. రెండోది, అదే మనిషి సాయంత్రం తిరిగి కూడా నడపాలి. ఒకే రోజు 400 కిలోమీటర్లు, అందులో 120 అడవి రోడ్డు. ఇద్దరు డ్రైవర్లుంటే సరే. ఒక్కరే అయితే అచ్చంపేట రూముకు పెట్టే డబ్బు దండగ కాదు.

శ్రీశైలంలోనే పడుకుంటే వచ్చే లాభం ఏమిటి? అది చెప్పకుండా ఇవతలే ఆగమంటున్నారు.

న్యాయమైన ప్రశ్న. శ్రీశైలంలో పడుకుంటే తెల్లవారుజామునే స్నానం చేసి మొదటి దర్శనాల్లో నిలబడొచ్చు. ఆదివారం రద్దీ పెరగక ముందే బయటికి వచ్చేస్తారు. నేను చెప్పిన పద్ధతిలో మీరు ఎనిమిదిన్నరకు కొండ మీదుంటారు, అప్పటికి క్యూ పెరిగి ఉంటుంది. మామూలు ఆదివారం రెండు మూడు గంటలు పట్టొచ్చు. కార్తీక మాసంలోనైతే ఆ లెక్కలేవీ పనిచేయవు.

స్పర్శ దర్శనం చేసుకోవాలన్న కోరికతో పోయేవాళ్లకు నా పద్ధతి సరిపోదు. దాని టిక్కెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, వేళ ప్రకారం ఉండాలి, మగవాళ్లు పంచె, ఆడవాళ్లు చీర లాంటి సంప్రదాయ దుస్తులు వేసుకోవాలి. రద్దీ రోజుల్లో స్పర్శ దర్శనం ఆపేస్తుంటారు కూడా. అలాంటివాళ్లు శనివారం సెలవు పెట్టి, పొద్దున బయలుదేరి, మధ్యాహ్నానికి చేరి, ఆ రాత్రి శ్రీశైలంలోనే ఉండాలి. సోమవారం కూడా సెలవుంటే ఇంకా మంచిది, ఆదివారం సాయంత్రం జనం దిగిపోయాక గుడి చుట్టుపక్కల ప్రశాంతంగా ఉంటుంది.

శ్రీశైలంలో రూము కావాలంటే దేవస్థానానిదా, సత్రమా, ప్రైవేటు హోటలా?

మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు గుడికి దగ్గర ఉండడమే అసలు సౌకర్యం. ఆ లెక్కన దేవస్థానం సదనాలు ముందుంటాయి. వాటిని దేవస్థానం సొంత వెబ్‌సైట్‌లో బుక్ చేసుకోవచ్చు. శని, ఆదివారాలవి త్వరగా అయిపోతాయి. రూము సాదాసీదాగా ఉంటుంది, హోటల్ సేవలు ఆశించొద్దు.

సత్రాలు చాలా ఉన్నాయి, దాదాపు ప్రతి కులానికి ఒకటి. కొన్ని తమవాళ్లకే ఇస్తాయి, కొన్ని ఖాళీ ఉంటే అందరికీ ఇస్తాయి. ఆధార్ కార్డు తప్పక అడుగుతారు. చాలా సత్రాల్లో అన్నం పెడతారు, అది పెద్దవాళ్లకు హోటల్ తిండి కంటే పడుతుంది. ప్రైవేటు హోటళ్లలో సౌకర్యం ఎక్కువే గానీ, వారం మధ్యలో చెప్పే రేటు శనివారం ఉండదు. సున్నిపెంటలో చవకగా దొరుకుతాయి. కానీ అక్కడి నుంచి మళ్లీ పది, పన్నెండు కిలోమీటర్లు కొండెక్కాలి, కారు లేనివాళ్లకు తిప్పలు.

ఒక హెచ్చరిక. గూగుల్‌లో సదనం పేరు కొట్టగానే కనిపించే ఫోన్ నంబర్లన్నీ దేవస్థానానివి కావు. మా బావమరిది అట్లాంటి నంబరుకు డబ్బు పంపాడు. రసీదు వాట్సాప్‌లో వచ్చింది, దాని మీద స్వామి బొమ్మ కూడా ఉంది. అక్కడికి పోతే ఆ పేరుతో రూము లేదు. తర్వాత చూస్తే డబ్బు పోయింది ఒక వ్యక్తి పేరు మీది ఖాతాకు. డబ్బు పంపే ముందు ఫోన్ తెరమీద ఎవరి పేరు వస్తుందో చదవండి. దేవస్థానం పేరు కాకుండా మనిషి పేరు వస్తే అక్కడే ఆపేయండి.

అడవిలో దారి మధ్యలో ఎక్కడ ఆగొచ్చు?

రోడ్డు పక్కన ఆపి ఫోటోలు తీసుకోవద్దు, కోతులకు అరటిపళ్లు విసరొద్దు. ప్లాస్టిక్ బాటిళ్లు, కవర్లు లోపల నిషేధం, కాబట్టి ఇంటి నుంచే స్టీలు బాటిళ్లలో నీళ్లు తెచ్చుకోండి. వటవర్లపల్లి దగ్గర టీ, టిఫిన్ దొరుకుతాయి.

మల్లెలతీర్థం చాలామంది అడుగుతారు. వటవర్లపల్లి నుంచి లోపలికి 8 కిలోమీటర్లు పోయాక, కిందికి 300 పైచిలుకు మెట్లు దిగాలి. దిగడం కాదు, ఎక్కడం చూసుకోండి. అమ్మ, బాపు కారులో కూర్చోవాల్సి వస్తుంది. ఎండాకాలంలో నీటిధార సన్నబడిపోతుంది, అప్పుడు ఆ మెట్లన్నీ దిగి నిట్టూర్చి రావడమే. పెద్దవాళ్లు వెంట ఉంటే దానికి బదులు అచ్చంపేట, మన్ననూరు మధ్య రంగాపూర్ దగ్గర తిరిగి ఉమామహేశ్వరం చూడండి. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అదే. కొండ మీద దాకా రోడ్డుంది, చల్లటి చోటు.

ఘాటులో పిల్లలకు వాంతులైతే?

కడుపు నిండా పూరీలు తినిపించి ఎక్కించొద్దు. రెండు ఇడ్లీలు చాలు. మలుపులు ఎక్కువున్నది దోమలపెంట దాటి డ్యాముకు దిగే చోట, తర్వాత సున్నిపెంటకు ఎక్కే చోట. ఆ కాసేపు పిల్లల చేతిలో ఫోన్ ఉండొద్దు, ముందుకు చూడాలి.

తిరిగి వచ్చేటప్పుడు ఎన్నింటికి బయలుదేరాలి?

పోయేటప్పుడు గేటు గురించి అందరూ ఆలోచిస్తారు. వచ్చేటప్పుడు అదే గేటు దోమలపెంటలో కూడా ఉందని మరచిపోతారు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం భోజనం చేసి మూడింటికి బయలుదేరితే ఏడు లోపు మన్ననూరు దాటి, రాత్రి పది ప్రాంతంలో నల్లగొండలో ఉంటారు.

జులై నుంచి అక్టోబరు వరకు వరద వచ్చి డ్యాము గేట్లు ఎత్తిన ఆదివారం మాత్రం ఈ లెక్క తలకిందులవుతుంది. 885 అడుగులు నిండి నీళ్లు దూకుతున్నాయని టీవీలో రాగానే హైదరాబాద్ సగం అటే వస్తుంది. రోడ్డుకు రెండు వైపులా కార్లు ఆపి దిగిపోతారు. ఒక ఆగస్టులో సున్నిపెంట నుంచి ఈగలపెంటకు మాకు మూడు గంటలు పట్టింది. నాలుగింటికి కొండ దిగినవాళ్లం దోమలపెంటకు ఎనిమిది తర్వాత చేరాం, అదృష్టం బాగుండి దాటాం. మా వెనక వచ్చిన పక్కింటివాళ్లు చిక్కుకుపోయి, ఆరుదాకా కారులోనే పడుకున్నారు. డ్యాము గేట్లు ఎత్తారని తెలిస్తే పన్నెండింటికే కొండ దిగండి. డ్యాము నీళ్లను కొండకు పోయేటప్పుడే, పొద్దున ఎనిమిదింటికే చూసేయండి. అప్పుడు జనమూ తక్కువ, తుంపర్ల మీద ఎండ పడి ఇంద్రధనస్సు కూడా కనిపిస్తుంది.

పెట్రోలు, ఫోన్ సంగతి?

పెట్రోలు దేవరకొండలో గానీ అచ్చంపేటలో గానీ ట్యాంకు నింపుకోండి, అడవి మధ్యలో దొరుకుతుందని నమ్మొద్దు. సిగ్నల్ పోయే ముందు, మన్ననూరులోనే ఇంటికి ఫోన్ చేసి, రెండు గంటలు ఫోన్ కలవదని చెప్పండి. నేను చెప్పకుండా పోయిన రోజు, దోమలపెంట దాటగానే మా అమ్మవి పద్నాలుగు మిస్డ్ కాల్స్ వచ్చాయి, మా అత్తగారివి ఆరు.